నూగును ఏకే బంతులు

ఏప్రిల్ మొదటి వారంలో ఒక శుక్రవారం రాత్రి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. గుంటూరు నుంచి వచ్చి షికాగోలో ఎమ్మెస్ చదువుతున్నాడు. రెండు చలికాలాలు చూశాడు.

"పిన్నీ, నా జాకెట్ చచ్చిపోయింది."

"ఏం చేశావురా?"

"ఏం చెయ్యలేదు. ఉతికానంతే."

ఈ మాటే అంతకుముందు గుంటూరుకి ఫోన్ చేసి చెబితే, మా అక్క "నీకు జాకెట్టేమిట్రా?" అని నవ్విందట. ఆవిడ లెక్కలో జాకెట్టంటే చీర మీదకి వేసుకునేదే. ఇక్కడ మేమంతా జాకెట్ అనేది వేరే. గళ్లుగళ్లుగా కుట్టి, లోపల బాతు నూగు నింపిన ఉబ్బెత్తు కోటు. దుకాణాల్లో దాన్ని డౌన్ జాకెట్ అంటారు, కుర్రాళ్లు పఫర్ అంటారు. షికాగోలో జనవరి అంతా బతికించేది అదే.

శనివారం పొద్దున్నే వాడు ఆ జాకెట్‌ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వచ్చాడు. బయటికి తీశాక చూస్తే వాడన్నది అబద్ధం కాదనిపించింది. గళ్లలో నిండుగా ఉండాల్సింది ఖాళీగా వేలాడుతోంది. ప్రతి గడి అడుగునా ఉసిరికాయంత గట్టి ఉండ. మిగతా చోట్ల పై గుడ్డా లోపలి గుడ్డా ఒకదానికొకటి అంటుకుని, చేత్తో పట్టుకుంటే మధ్యలో ఏమీ తగలడం లేదు. పైగా వాన పడ్డ రోజు కోళ్ల గూడు దగ్గర వచ్చే లాంటి వాసన. చూడ్డానికి పాడైనట్టే ఉంది గాని నిజానికి పాడవలేదు. పని సగంలో ఆగిపోయిందంతే. నూగు జాకెట్ ఉతికి, ఇక పనికిరాదని పక్కన పడేసేవాళ్లలో చాలామంది చేసిన పొరపాటు ఉతకడంలో ఉండదు, ఆరబెట్టడంలో ఉంటుంది.

నూగంటే ఏమిటో ఒక మాట చెప్పాలి. బాతుకి, హంసకి పైన కనబడే ఈకల కింద, ఒంటికి ఆనుకుని మెత్తటి పొర ఒకటుంటుంది. పై ఈకకి మధ్యలో గట్టి కాడ ఉంటుంది. నూగుకి అది ఉండదు. ఒక చిన్న చుక్క లాంటి మొదలు నుంచి అన్ని వైపులకీ సన్నటి పోగులు విచ్చుకుని ఉంటాయి. గాలికి ఎగిరే జిల్లేడు దూదిని తలుచుకోండి, దాదాపు అలాగే ఉంటుంది. వెచ్చదనం ఆ పోగుల్లో లేదు. పోగుల మధ్య కదలకుండా చిక్కుకున్న గాలిలో ఉంది. నూగు విచ్చుకుంటేనే గాలి నిలుస్తుంది, గాలి నిలిస్తేనే చలి ఆగుతుంది.

జాకెట్ లోపలి పట్టీ మీద 550, 650, 800 లాంటి అంకె ఒకటి ఉంటుంది చూడండి. అది కొలిచేది ఈ విచ్చుకునే గుణాన్నే. 650 అంటే ఒక ఔన్సు నూగు, అంటే 28 గ్రాములు, 650 ఘనపుటంగుళాల చోటు ఆక్రమిస్తుందని అర్థం. మన లెక్కలో పదిన్నర లీటర్లు. ఇళ్లకి వచ్చే 20 లీటర్ల మంచినీళ్ల టిన్నులో సగానికి పైగా నింపడానికి రెండు పెద్ద చెంచాల పంచదారంత బరువున్న నూగు చాలన్నమాట. 1922లో జార్జ్ ఫించ్ అనే పర్వతారోహకుడు బెలూన్లు కుట్టే గుడ్డలో ఐడర్ బాతు నూగు నింపి కుట్టించిన కోటుతో ఎవరెస్టుకి వెళ్లాడు. ఈ రకం కోట్లకి ముత్తాత అనదగ్గది అదే. వందేళ్లు దాటినా సూత్రం మారలేదు.

ఆ నూగు తడిస్తే ఏమవుతుంది? తలంటుకున్నప్పుడు జుట్టు చూసుకోండి. పొడిగా ఉన్నప్పుడు ఒత్తుగా కనబడే జుట్టు తడవగానే పాయలు పాయలుగా అంటుకుపోతుంది. నీటికున్న లాగే గుణం వల్ల పోగులన్నీ దగ్గరికి చేరతాయి. నూగులోనూ అంతే. వందల నూగు పువ్వులు ఒక ముద్దవుతాయి. ఆ ముద్ద పైన ముందు ఆరుతుంది, లోపల తడి అలాగే ఉంటుంది. ఆరిన పై పొర లోపలికి వేడిని పోనివ్వదు. చలి నుంచి మనల్ని కాపాడిన గుణమే ఇక్కడ ఎదురు తిరుగుతుంది. అందుకే పైకి ఆరినట్టున్న జాకెట్‌ని బీరువాలో పెడితే, లోపలి తడికి రెండు రోజుల్లో వాసన మొదలవుతుంది.

మా వాడు ఏం చేశాడో అడిగాను. అపార్ట్‌మెంట్ కింద ఉన్న లాండ్రీ గదిలో, మధ్యలో నిలువు స్తంభం ఉండే పాత వాషర్లో జీన్స్ ప్యాంట్లతో కలిపి వేశాడు. సబ్బు గుళిక ఒకటి పడేశాడు. మంచి వాసన కోసం సాఫ్టెనర్ పోశాడు. డ్రయ్యర్లో 'ఆటో' నొక్కితే నలభై నిమిషాలకి ఆగింది. తీసి చూస్తే పైన వెచ్చగా, పొడిగా ఉంది. హ్యాంగర్‌కి తగిలించి క్లాజెట్లో పెట్టాడు. మూడో రోజుకి వాసన.

ఇందులో తప్పు కానిదేదో వెతుక్కోవాలి. కానీ అన్నీ ఒక్క స్థాయి తప్పులు కావు.

సబ్బు సంగతి ముందు చూద్దాం. బాతు తోక మొదట్లో ఒక నూనె గ్రంథి ఉంటుంది. బాతు ముక్కుతో ఆ నూనె తీసి ఈకలకి రాసుకుంటుంది. నూగుకీ సహజంగా కొంచెం జిడ్డు ఉంటుంది. కర్మాగారంలో శుభ్రం చేశాక కూడా అది కొద్దిగా మిగులుతుంది. పోగులు పెళుసెక్కి విరగకుండా కాపాడేది అదే. గట్టి డిటర్జెంట్ తయారైందే జిడ్డు లాగడానికి. వంటింటి మరకనీ నూగు జిడ్డునీ అది వేరు చేసి చూడదు. రెండోది ఎంజైములు. గుడ్డు, పాలు, నెత్తురు మరకలు పోగొట్టడానికి చాలా డిటర్జెంట్లలో ప్రొటీన్‌ని ముక్కలు చేసే ఎంజైములు కలుపుతారు. ఈక కూడా ప్రొటీనే. మన గోళ్లు, వెంట్రుకల్లో ఉండే కెరాటిన్ లాంటి ప్రొటీన్‌తోనే నూగూ తయారైంది. ఉన్నిబట్టలకీ పట్టుబట్టలకీ ఎంజైమ్ లేని సబ్బు వాడమనేది ఇందుకే. ఒక్కసారి వేస్తే నూగు కరిగిపోదు గాని, ఏటా వేస్తే ఏటికేడాది ఉబ్బు తగ్గుతూ పోతుంది. బ్లీచ్ సంగతి వేరు. అది కెరాటిన్‌ని నిజంగానే తినేస్తుంది, ఒక్క మూత కూడా వద్దు.

సాఫ్టెనర్ ఇంకో రకం నష్టం. దాని పనే పోగులకి పల్చని పూత పూయడం. తువ్వాలుకి అది మెత్తదనం, నూగుకి మాత్రం బరువు. పోగులు ఒకదానికొకటి అతుక్కుంటాయి, విచ్చుకోవు. జాకెట్ పైగుడ్డ మీద నీటి చుక్కలు ముత్యాల్లా జారిపోయేందుకు వేసిన పూత కూడా దీనితో చెడుతుంది.

మరి ఏం వాడాలి? నూగు కోసమే చేసిన ద్రవాలు దొరుకుతాయి. నిక్‌వాక్స్, గ్రేంజర్స్ పేర్లు పర్వతారోహకుల సామాన్లు అమ్మే షాపుల్లో కనిపిస్తాయి. అవి లేకపోతే ఉన్నిబట్టల కోసం అమ్మే, ఎంజైములూ బ్లీచూ లేని తేలికపాటి ద్రవం చాలు. ఇండియాలో స్వెటర్లకి వాడే ఈజీ అందరికీ తెలిసిందే. కొలత సీసా మీద ఎంత రాస్తే అంత. రాయకపోతే ఒక జాకెట్‌కి రెండు పెద్ద చెంచాలు దాటకండి. పొడి సబ్బు వద్దు, అది గళ్ల లోపలికి వెళ్లి పూర్తిగా కరగక అక్కడే కూర్చుంటుంది. కుంకుడుకాయ రసం సంగతి మా అక్క అడిగింది. మెత్తటిదే, పట్టుచీరలకి మన పెద్దవాళ్లు వాడిందే. కానీ దాని నలుసులు కుట్ల మధ్య నుంచి లోపలికి దూరితే బయటికి రప్పించడం మన తరం కాదు, లేత రంగు గుడ్డకి మరక కూడా పట్టొచ్చు. నేనైతే వాడను.

ఆ శనివారం మేం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. ముందుగా వంటింట్లో పిండి తూచుకునే చిన్న డిజిటల్ త్రాసు తెచ్చి బల్ల మీద పెట్టాను. మా వాడు నా వైపు వింతగా చూశాడు.

"జాకెట్‌ని తూచడం ఎందుకు పిన్నీ?"

"తర్వాత చెప్తాను, ముందు రాసుకో."

648 గ్రాములు.

తర్వాత పట్టీ చదివాం. ఇది దాటవేయకండి. నీళ్ల తొట్టి బొమ్మ ఉంటే ఇంట్లో ఉతకొచ్చు, దానిలో అంకె నీటి వేడి హద్దు. చతురస్రంలో వృత్తం ఉంటే డ్రయ్యర్‌లో వేయొచ్చు, ఆ వృత్తంలో ఒక చుక్క ఉంటే తక్కువ వేడి. బొమ్మ మీద ఇంటూ గుర్తు ఉంటే ఆ పని చేయకూడదు. మా వాడి జాకెట్‌కి తొట్టిలో 30, వృత్తంలో ఒక చుక్క ఉన్నాయి. తోలు ముక్కలో, నిజం బొచ్చు అంచో కుట్టిన జాకెట్లకి ఈ వ్యాసం వర్తించదు. బొచ్చు అంచు ఊడదీసేదైతే ఊడదీసి పక్కన పెట్టండి.

జేబులు ఖాళీ చేశాం. ఒక బస్ కార్డు, రెండు టిష్యూలు, ఎప్పటిదో జీడిపప్పు. జిప్పులన్నీ మూశాం, వెల్‌క్రో అంటించాం. తెరిచి ఉన్న జిప్పు పళ్లు తిరిగే డ్రమ్ములో ఆ పల్చటి నైలాన్‌ని గీరేస్తాయి. గుడ్డ మీద ఎక్కడైనా చిరుగు ఉందేమో వెతికాం. ఎడమ మోచేతి దగ్గర మిణుగురంత రంధ్రం, అందులోంచి తెల్లగా ఒక పోగు తొంగిచూస్తోంది. ఆ పోగుని లాగకూడదు, లాగితే దాని వెనకే నాలుగు వస్తాయి. వెనక వైపు నుంచి చేత్తో పట్టి లోపలికి లాక్కుని, పైన నైలాన్ అతుకు పట్టీ గుండ్రంగా కత్తిరించి అంటించాం. ఉతికాక అంటిద్దామనుకుంటే ఉతుకులో ఆ రంధ్రమే బొటనవేలంత అవుతుంది.

మెడ పట్టీ, చేతుల అంచులు నల్లగా మెరుస్తున్నాయి. చలికాలమంతా చర్మపు జిడ్డు చేరేది అక్కడే. అదే ద్రవం రెండు చుక్కలు వేసి, పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దాం. చాలాసార్లు ఈ ఒక్క పనితోనే జాకెట్ శుభ్రంగా కనిపిస్తుంది, మొత్తం ఉతకాల్సిన అవసరమే రాదు. నూగు జాకెట్‌ని ఒక చలికాలానికి ఒకసారికి మించి ఉతకడం నా దృష్టిలో అతి.

మా ఇంట్లో వాషర్ ముందు తలుపుది. స్తంభం ఉన్న పాత రకం మిషన్లలో జాకెట్ ఆ స్తంభానికి చుట్టుకుని మెలితిరుగుతుంది, గళ్ల మధ్య కుట్లు తెగుతాయి. కుట్టు ఒకసారి తెగితే నూగు ఒక గడిలోంచి ఇంకో గడిలోకి జారిపోతుంది, ఇక ఎంత ఆరబెట్టినా అక్కడ ఖాళీయే. అలాంటి మిషన్ తప్ప ఇంకోటి లేకపోతే స్నానాల తొట్టిలో చేత్తో ఉతకడం మేలు. జాకెట్ నీళ్ల మీద బెలూన్‌లా తేలుతుంది. అరచేతులతో అదిమి గాలి పోనివ్వాలి, అరగంట నాననిచ్చి, పిండి పిసికినట్టు కాకుండా మెల్లగా నొక్కుతూ వదులుతూ ఉండాలి.

వాషర్‌లో వేసే ముందు సబ్బు పోసే అర తీసి కడిగాం, పాత డిటర్జెంటూ సాఫ్టెనరూ అందులో జిగురులా పేరుకుని ఉంటాయి. జాకెట్ ఒక్కటే వేశాం. 30 డిగ్రీల నీళ్లు, సున్నితమైన బట్టల సైకిల్. అది అయ్యాక సబ్బు లేకుండా ఇంకో రెండుసార్లు నీళ్లలో జాడించే సైకిల్. రెండో జాడింపు తర్వాత ఒక గడిని బొటనవేళ్ల మధ్య నొక్కితే ఇంకా సన్నటి నురగ వచ్చింది. వాడు మొదటిసారి వేసిన గుళిక తాలూకు నురగ కూడా అందులో ఉండి ఉంటుంది. మూడోసారి జాడించాం. నొక్కితే నీళ్లు మాత్రమే వచ్చాయి. నురగ వస్తుంటే ఆరబెట్టడానికి వెళ్లకండి. మిగిలిపోయిన సబ్బు ఎండాక పోగుల్ని జిగురులా పట్టేస్తుంది.

తర్వాత నీళ్లు పిండే స్పిన్ మాత్రం ఇంకోసారి, మధ్యరకం వేగంతో. డ్రయ్యర్ నాలుగు గంటల్లో తీసే నీటిలో చాలా భాగం ఈ పది నిమిషాల్లో పోతుంది. ఒక జాగ్రత్త. జాకెట్ పైగుడ్డ అసలు నీళ్లు దూరనివ్వని రకమైతే లోపలి నీళ్లు బయటికి రావు, బరువంతా ఒక పక్కకి చేరి మిషన్ దడదడలాడుతుంది. అప్పుడు ఆపి, తీసి, చేత్తో నొక్కి నీళ్లు పోగొట్టి మళ్లీ పెట్టాలి.

తడి జాకెట్‌ని భుజాలు పట్టుకుని పైకెత్తకండి. చంటిబిడ్డని ఎత్తినట్టు కింద రెండు చేతులూ పెట్టి ఎత్తండి. నీళ్లు పీల్చిన నూగు బరువుకి లోపలి పల్చటి అడ్డగుడ్డలు చిరుగుతాయి. మెలిపెట్టి పిండడం అసలే వద్దు. మళ్లీ త్రాసు మీద పెట్టాం. 1,190 గ్రాములు.

ఇక్కడి నుంచే అసలు పని.

మీలో నలభై దాటినవాళ్లకి దూది ఏకేవాళ్లు గుర్తుండే ఉంటారు. పరుపులో దూది ఉండలు కట్టి, పడుకుంటే నేల తగులుతున్నట్టయ్యాక అమ్మ వాళ్లని పిలిచేది. పెద్ద విల్లు లాంటి పరికరం, దానికి బిగించిన నరం, దాన్ని కొట్టే చెక్క. టంగ్ టంగుమని నరం కంపిస్తుంటే ఆ పక్కనున్న గట్టి ఉండ విడిపోయి మబ్బులా లేచేది. పరుపు కొత్తదైపోయేది. దూది మార్చలేదు, కొత్తది వేయలేదు, ఉన్నదాన్ని విడదీసి మధ్యలోకి గాలి పంపారంతే. డ్రయ్యర్ బంతులు చేసేదీ అదే.

డ్రమ్ము తిరుగుతుంటే బంతులు పైకెళ్లి జాకెట్ మీద పడతాయి. పడ్డప్పుడల్లా ఒక ముద్ద కొంచెం చితికి, కొంచెం విడిపోయి, లోపలి తడి భాగం బయటపడుతుంది. దానికి గాలి తగులుతుంది. ఉత్త వేడి ఈ పని చేయలేదు. బంతులు లేకుండా వేస్తే జాకెట్ తనంతట తాను చుట్టుకుని, ఒక మూటలా డ్రమ్ము అడుగున దొర్లుతుంది.

బంతుల్లో రకాలున్నాయి. ఉన్నితో గట్టిగా చుట్టినవి చప్పుడు తక్కువ, గుడ్డకి హాయి, కానీ తేలిక. ముళ్లముళ్లుగా ఉండే ప్లాస్టిక్ బంతులు తువ్వాళ్లకి బాగుంటాయేమో, ఈ పల్చటి నైలాన్‌కి నేను వాడను. నా ఓటు టెన్నిస్ బంతికి. బరువుగా పడుతుంది, పడి ఎగురుతుంది, ముద్ద విడగొట్టడానికి ఆ దెబ్బే కావాలి. మూడు చాలు. కొత్త బంతుల పసుపు రంగు లేత జాకెట్‌కి అంటుతుందని అనుమానముంటే ఒక్కోదాన్ని శుభ్రమైన తెల్ల సాక్సులో వేసి ముడేయండి. డ్రయ్యర్ తిరిగినంతసేపూ ఇంట్లో ఎవరో మేడ మెట్లు దిగుతున్నట్టు దబదబమంటుంది. కింది వాటాలో ఉండేవాళ్లకి ముందే చెప్పుకోవడం మర్యాద.

వేడి తక్కువలో పెట్టాలి, అతి తక్కువలో. ఎక్కువ వేడికి త్వరగా ఆరుతుందనిపిస్తుంది. నిజానికి త్వరగా ఆరేది పైగుడ్డే. ఆ నైలాన్ ఉల్లిపొర కంటే కొంచెం మందం, అంతే. డ్రమ్ము లోహానికి ఒకే చోట ఆనుకుని ఉంటే ముడుచుకుపోతుంది, మెరుపెక్కుతుంది, ఒక్కోసారి కరిగి చిల్లు పడుతుంది. అలా కరిగినదాన్ని అతుకు వేయడం తప్ప బాగుచేయలేం. నూగుకీ ఎక్కువ వేడి మంచిది కాదు, మిగిలిన జిడ్డు కూడా పోయి పెళుసవుతుంది. లాండ్రీ దుకాణాల్లో ఉండే పెద్ద డ్రయ్యర్లు మామూలుగానే ఇంట్లోవాటికంటే వేడెక్కుతాయి. అక్కడ 'లో' అన్నదానిలో కూడా మొదటి పది నిమిషాలకి తెరిచి, జిప్పు లోహాన్ని ముట్టుకుని చూడండి. వేలు పెట్టలేనంత కాలితే ఆ మిషన్ వదిలేయండి.

మా వాడిని ముంచింది 'ఆటో' బటన్. ఈ డ్రయ్యర్ల డ్రమ్ములో రెండు లోహపు పట్టీలు ఉంటాయి. తడి గుడ్డ వాటిని తాకినప్పుడు వాటి మధ్య కొంచెం విద్యుత్తు పారుతుంది. పారకపోతే బట్టలు ఆరాయని మిషన్ అనుకుని ఆగిపోతుంది. చొక్కాకి ఇది సరిగ్గా పనిచేస్తుంది. నూగు జాకెట్‌లో ఆ పట్టీల్ని తాకేది పైగుడ్డ ఒక్కటే. అది అరగంటలో ఆరుతుంది. లోపల గ్లాసెడు నీళ్లున్నా మిషన్‌కి తెలియదు. కాబట్టి ఆటో వద్దు, నిమిషాలు మనమే పెట్టే పద్ధతి కావాలి.

నలభై నిమిషాలు పెట్టాం. ఆగగానే తీసి, తూచి, ప్రతి గడినీ వేళ్లతో తడిమాం. ఉండ తగిలితే బొటనవేళ్లతో రెండు వైపులకీ మెల్లగా లాగి విడదీశాం. జాకెట్‌ని రెండు చివర్లూ పట్టి దులిపి, లోపలి వైపు బయటికి తిప్పి మళ్లీ వేశాం. మొదటి విడత తర్వాత 930 గ్రాములు. రెండో విడతకి 760. రెండు గంటలకి 668.

అప్పుడు మా వాడు జాకెట్ భుజాన వేసుకుని, "అయిపోయింది పిన్నీ, చూడు, పొడిగా ఉంది" అన్నాడు. నిజమే, చేత్తో ముట్టుకుంటే ఎక్కడా తడి లేదు. చాలావరకు ఉబ్బింది కూడా. చాలామంది సరిగ్గా ఇక్కడే ఆపేస్తారు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకి అడ్డంగా పట్టుకోమన్నాను. గళ్లలో వెలుగు లోపలి నుంచి వస్తోంది గాని, చంకల దగ్గర, టోపీ అంచున, జేబుల వెనక నల్లటి మచ్చలు. ఒక్కో మచ్చా ఇంకా విడిపోని ఒక ముద్ద. వాసన చూడమన్నాను. ముఖం చిట్లించాడు.

ఇంకో నలభై నిమిషాలకి 622. ఇంకో నలభైకి 608. ఆపై అరగంటకి 606. రెండు తూకాల మధ్య తేడా దాదాపు లేనట్టే, అంటే ఇక పోవడానికి నీళ్లు లేవు. త్రాసు ఎందుకో మా వాడికి అప్పుడు అర్థమైంది. రెండు గంటలప్పుడు 'పొడిగా' ఉన్న జాకెట్‌లో ఇంకా 62 గ్రాముల నీళ్లున్నాయి. వంటింటి లెక్కలో నాలుగు పెద్ద చెంచాలు. పొద్దున వాడు తెచ్చినప్పటి 648లో కూడా నలభై గ్రాములకి పైగా నీళ్లే. మూడు రోజుల పాటు వాసనేసింది ఆ నీళ్లే.

మొత్తం డ్రయ్యర్‌లో పట్టింది మూడు గంటల యాభై నిమిషాలు. మీ జాకెట్ పల్చనిదైతే రెండు గంటలు పట్టొచ్చు, మోకాళ్ల దాకా ఉండే కోటైతే అయిదు పట్టొచ్చు. గడియారాన్ని కాకుండా తూకాన్ని నమ్మండి. త్రాసు లేకపోతే వెలుతురు, వేళ్లు, ముక్కు, ఈ మూడూ చాలు. ఆ తర్వాత కూడా ఒక రోజు హ్యాంగర్‌కి గాలి తగిలేలా వేలాడదీస్తే మంచిది. తక్కువ వేడిలో ఇంతసేపు తిరగడం వల్ల ఒక అదనపు లాభం కూడా ఉంది, పైగుడ్డ మీద నీళ్లు జారే పూత కొంత మళ్లీ మేల్కొంటుంది. మా వాడి జాకెట్ మీద నీళ్లు చిలకరిస్తే సాఫ్టెనర్ పోయడం వల్లో ఏమో భుజాల దగ్గర ఇంకా గుడ్డలోకి ఇంకుతున్నాయి. దానికి పిచికారీ పూత వేరే కొట్టుకోవాలి.

డ్రై క్లీనింగ్‌కి ఇస్తే ఈ గొడవంతా ఉండదు కదా అని అడిగేవాళ్లుంటారు. అక్కడ వాడే ద్రావకాలు జిడ్డు కరిగించేందుకే ఉన్నాయి. పట్టీ మీద తయారీదారే అదొక్కటే దారి అని రాస్తే తప్ప నేను ఇవ్వను.

ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ, విశాఖల సంగతి. అమెరికా నుంచి తిరిగి వచ్చినవాళ్ల దగ్గర, హిమాలయాల్లో ట్రెక్కింగ్‌కి వెళ్లొచ్చినవాళ్ల దగ్గర ఈ జాకెట్లు ఉంటాయి, ఇంట్లో డ్రయ్యర్ ఉండదు. డ్రయ్యర్ ఉన్న లాండ్రీ దుకాణం దగ్గర్లో ఉంటే ఉతకడం మీరు చేసి, ఆరబెట్టడానికి మాత్రం మీ టెన్నిస్ బంతులతో సహా అక్కడికి తీసుకెళ్లండి, తక్కువ వేడి అని గట్టిగా చెప్పండి. అదీ లేకపోతే మార్చి, ఏప్రిల్ నెలల్లో, గాలి పొడిగా ఉన్నప్పుడు మాత్రమే ఉతకండి. నులక మంచమో, నవారు మంచమో ఉంటే అంతకు మించినది లేదు. కింది నుంచి కూడా గాలి ఆడుతుంది. నీడలో మంచం మీద జాకెట్ పరిచి, ఫ్యాన్ వేసి, రెండు మూడు గంటలకోసారి తిరగేస్తూ, ప్రతి గడినీ వేళ్లతో ఏకుతూ ఉండాలి. కర్రతో బాదకండి, తీగ మీద వేలాడదీయకండి. నేరుగా మిట్టమధ్యాహ్నపు ఎండలో కూడా వద్దు, ఆ ఎండ నైలాన్‌ని బలహీనం చేస్తుంది. రెండు మూడు రోజులు పడుతుంది. విశాఖలో జులైలో మాత్రం ఈ సాహసం చేయకండి. ఆ తేమలో నూగు ఆరేలోపు బూజు పడుతుంది.

ఆరిన జాకెట్‌ని గాలి లాగేసే ప్లాస్టిక్ సంచుల్లో అప్పడంలా నొక్కి సూట్‌కేసులో పెట్టడం మనవాళ్లకి అలవాటు. ప్రయాణానికి రెండు రోజులు ఫర్వాలేదు. ఏడాదంతా అలా ఉంచితే నూగు పోగులు మడతలు పడిపోయి మళ్లీ పూర్తిగా లేవవు. బీరువాలో హ్యాంగర్‌కి వేలాడదీయండి, లేదా పెద్ద నూలు సంచిలో వదులుగా పెట్టండి.

ఈ వారాంతంలో ఉతకాలనుకుంటే పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టండి. ఉతుకు, జాడింపులు కలిపి రెండు గంటలు, డ్రయ్యర్‌కి నాలుగు గంటలు, మధ్యలో ఆరుసార్లు లేచి తీసి ఏకడం. అపార్ట్‌మెంట్ లాండ్రీ గదైతే చిల్లర క్వార్టర్లు మామూలు కంటే మూడింతలు పట్టుకెళ్లండి. రాత్రి తొమ్మిదికి మాత్రం మొదలుపెట్టకండి, ఒంటిగంటకి మీకు నిద్రొస్తుంది, అప్పటికి జాకెట్‌లో ఇంకా నాలుగు చెంచాల నీళ్లుంటాయి.